ప్రొడక్షన్‌లోకి జారిపోయిన బగ్‌కి ‘ఐదు ఎందుకు’లు: మొదటి ఫోన్ కాల్ నుంచి పద్ధతి మారేదాకా

“ఐదు ఎందుకులు అడిగాం, చివరికి ‘ఇంకా జాగ్రత్తగా టెస్ట్ చేయాలి’ అని తేలింది. దీనికోసం గంటన్నర కూర్చోవాలా?” ఈ మాట చాలామంది అడుగుతున్నారు. అలాంటి జవాబుతో మీటింగ్ ముగిసిందంటే పని సగంలో ఆగిపోయినట్టే. ఆ మిగతా సగం ఎలా చేయాలో ఒకే ఒక్క బగ్‌ని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూపిస్తాను. ‘ఐదు ఎందుకులు’ అంటే, తప్పు ఎందుకు జరిగిందని అడిగి, వచ్చిన ప్రతి జవాబునూ మళ్లీ ‘ఎందుకు’ అని అడుగుతూ మూలకారణం దాకా దిగే పద్ధతి.

కేసు ఇది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం జరుగుతుంది. ఏ బోటు సరుకు ఎన్ని బుట్టలు, ఏ ధరకు పోయిందో గుమాస్తా ఫోన్‌లో ఎక్కిస్తాడు. తొమ్మిది గంటలకు ఒక్కో బోటు యజమానికి చీటీ వస్తుంది, దాని ప్రకారమే డబ్బు చేతికి అందుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునే చిన్న టీమ్‌లో నేనూ ఒకణ్ణి. మా ఆఫీసు మధురవాడలో. వేట నిషేధం ముగిసి బోట్లు తిరిగొచ్చిన వారంలో ఒక యజమాని ఫోన్ చేశాడు. “ఏటి బాబూ, తెల్లారగట్ల అమ్మిన సరుకు చీటీలో లేదేటి?”

## 1. మీటింగ్‌కి ముందు: నష్టం ఆపండి, ఆనవాళ్లు దాచండి

ముందు చేయాల్సింది జనానికి జరిగే నష్టం ఆపడం. మేం ఆ ఉదయం చీటీలు ఆపించి, గుమాస్తా నోట్‌బుక్ చూసి చేత్తో లెక్కలు వేయించాం. మూలకారణం వెతకడం ఆ తర్వాతి మాట.

అయితే మంట ఆర్పే తొందరలో ఆనవాళ్లు చెరిగిపోతాయి. సర్వర్ సెట్టింగ్ ఒకటి మార్చగానే బగ్ మాయమైందనుకోండి. మార్చకముందు అది ఎలా ఉందో ఎవరూ రాసిపెట్టకపోతే, రేపు మీటింగ్‌లో ఊహలు తప్ప ఏమీ మిగలవు. అందుకే దేన్నీ తాకకముందే ఇవి తీసి పెట్టుకోండి:

- [ ] తప్పు పడిన రికార్డులు, సరిగ్గా పడిన రికార్డులు, రెండింటి నకళ్లు
- [ ] ప్రొడక్షన్ సెట్టింగులు, పక్కనే స్టేజింగ్ సెట్టింగులు
- [ ] చివరి రెండు మూడు రిలీజులలో ఏం మారింది, ఎప్పుడు మారింది
- [ ] మొదటి ఫిర్యాదు ఎవరి నుంచి, ఎన్ని గంటలకు, ఏ మాటల్లో వచ్చింది
- [ ] బగ్ పుట్టిన రోజు, బయటపడిన రోజు. ఈ రెండూ వేర్వేరు.

చివరి గీత చాలామంది వదిలేస్తారు. మా బగ్ పుట్టింది మే నెలలో, మొదటి చీటీ తప్పు పడింది జూన్‌లో, మాకు తెలిసింది ఆ తర్వాత మూడో రోజున. ఈ మూడు తేదీల మధ్య ఖాళీల్లోనే అసలు కథ ఉంది.

## 2. ఎవరు కూర్చోవాలి

నలుగురి నుంచి ఆరుగురు చాలు. కోడ్ రాసిన వ్యక్తి, టెస్ట్ చేసిన వ్యక్తి, సర్వర్ మీద ఎక్కించిన వ్యక్తి, ఫిర్యాదు ఫోన్ ఎత్తిన వ్యక్తి ఉండాలి. ప్రశ్నలు అడిగే బాధ్యత ఈ బగ్‌తో సంబంధం లేని మరొకరికి ఇవ్వండి.

ఫోన్ ఎత్తిన వ్యక్తిని పిలవడం మర్చిపోకండి. మా సపోర్ట్ అమ్మాయి చెప్పిన ఒక్క ముక్క దారి చూపించింది: “ఫిర్యాదు చేసినవాళ్లంతా ముందుగా ఒడ్డుకు చేరిన బోట్లవాళ్లే.” డెవలపర్లలో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

ఘటన జరిగిన రెండు మూడు పనిదినాల్లోపు కూర్చోండి. గంటన్నర చాలు. ఏడాది చివర మార్కులు వేసే మేనేజర్ గదిలో ఉంటే నోళ్లు మూతపడతాయి. ఆయనకు ఫలితం చూపించండి, చర్చలో కూర్చోబెట్టకండి.

## 3. సమస్యను ఒక్క వాక్యంలో రాయండి, కారణం లేకుండా

బోర్డు మీద మేం మొదట రాసింది: “సర్వర్ మార్చడం వల్ల చీటీలు తప్పు పడ్డాయి.” ఇది పనికిరాదు. ‘వల్ల’ అన్న మాట వచ్చిందంటే జవాబు ముందే నిర్ణయించుకున్నట్టు.

తుడిచేసి మళ్లీ రాశాం: “మూడు రోజులపాటు, ఉదయం 5:30కు ముందు ఎక్కిన అమ్మకాలు ఆ రోజు చీటీలో రాలేదు. 5:30 తర్వాత ఎక్కినవన్నీ వచ్చాయి.”

ఏం తప్పింది, ఎప్పుడు, ఎంతవరకు అన్నవి ఈ వాక్యంలో ఉన్నాయి. అంతకంటే ముఖ్యంగా, ఏది తప్పలేదో కూడా ఉంది. ఆ 5:30 గీత మాకు ఎలా దొరికిందో చెప్తాను. చీటీలో రాని రికార్డులను, వచ్చిన రికార్డులను కలిపి సమయం వరుసలో పెట్టాం. రాని వాటిలో చివరిది 5:28. వచ్చిన వాటిలో మొదటిది 5:31. ఆ రెండు అంకెలు చూడగానే టెస్టర్ “మన టైమ్ యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు కదా” అంది. అప్పటిదాకా నెట్‌వర్క్‌ని కూడా అనుమానిస్తున్న మేమంతా ఆ అనుమానం వదిలేశాం.

తప్పిన వాటిని, తప్పని వాటిని పక్కపక్కన పెట్టకుండా మొదటి ‘ఎందుకు’ అడగకండి.

## 4. మొదటి గొలుసు: బగ్ ఎలా పుట్టింది

ప్రొడక్షన్‌లోకి జారిన ప్రతి బగ్‌కీ రెండు ప్రశ్నలు ఉంటాయి. ఎలా పుట్టింది? పుట్టినది మన కళ్లు కప్పి బయటికెలా పోయింది? చాలా టీమ్‌లు మొదటిది మాత్రమే అడుగుతాయి. రెండింటికీ వేర్వేరు గొలుసులు వేయండి. కలిపేస్తే రెండోది మాయమవుతుంది.

ప్రతి జవాబు పక్కనా ‘ఆధారం’ అని ఒక గడి గీయండి. ఆ గడి ఖాళీగా ఉంటే అది జవాబు కాదు, ఊహ. మా మొదటి గొలుసు ఇలా నడిచింది.

ఎందుకు 1: తెల్లవారుజాము అమ్మకాలు చీటీలో ఎందుకు రాలేదు?
చీటీ ఆ రోజు తేదీ ఉన్న రికార్డులనే ఏరుతుంది. ఇవి నిన్నటి తేదీలో పడ్డాయి. నిన్నటి చీటీ నిన్ననే ఇచ్చేశాం కాబట్టి అవి ఏ చీటీలోనూ లేవు.
*ఆధారం:* అదే క్వెరీని నిన్నటి తేదీతో నడిపితే దొరికాయి.

ఎందుకు 2: నిన్నటి తేదీ ఎందుకు పడింది?
చీటీ క్వెరీలో `created_at::date` అని ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇలా రాస్తే, ఆ సెషన్ ఏ టైమ్‌జోన్‌లో ఉందో దాని ప్రకారం తేదీ వస్తుంది. కొత్త సర్వర్ యూటీసీలో ఉంది. మన ఉదయం 5:10 అంటే అక్కడ ముందురోజు రాత్రి 11:40.
*ఆధారం:* రెండు సర్వర్ల మీదా ఇది నడిపి చూశాం.

```sql
SHOW timezone;
SELECT '2024-06-20 05:10+05:30'::timestamptz::date;
```

పాత సర్వర్ `Asia/Kolkata` అని, 20వ తేదీ అని చెప్పింది. కొత్తది `UTC` అని, 19వ తేదీ అని చెప్పింది.

ఇక్కడ గొలుసు రెండుగా చీలింది. కొత్త సర్వర్ యూటీసీలో ఎందుకుంది? మన లెక్క సర్వర్ సెట్టింగ్ మీద ఎందుకు ఆధారపడింది? ఒక ప్రశ్నకు రెండు నిజమైన జవాబులుంటే ఒకదాన్ని ఎంచుకోవద్దు. రెండింటినీ కిందికి దింపండి.

ఎందుకు 3అ: కొత్త సర్వర్ యూటీసీలో ఎందుకుంది?
పాతదాన్ని పెట్టినప్పుడు ఎవరో కాన్ఫిగరేషన్ ఫైలులో మన టైమ్‌జోన్ చేత్తో రాశారు. క్లౌడ్‌లో తీసుకున్న కొత్తది యూటీసీతో వచ్చింది. మేం `pg_dump`తో పట్టికలు, డేటా తరలించాం. కాన్ఫిగరేషన్ ఫైలు అందులో రాదు.
*ఆధారం:* పాత సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైలు, తరలింపు జాబితా.

ఎందుకు 4అ: తరలింపు జాబితాలో సెట్టింగులు ఎందుకు లేవు?
ఆ సెట్టింగ్ పాత సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. రిపాజిటరీలో లేదు, డాక్యుమెంట్‌లో లేదు. జాబితా రాసినవాళ్లకు కనబడని దాన్ని జాబితాలో ఎలా రాస్తారు?
*ఆధారం:* రిపాజిటరీ మొత్తం వెతికాం. ఒక్కచోటా లేదు.

ఎందుకు 3ఆ: లెక్క సర్వర్ సెట్టింగ్ మీద ఎందుకు ఆధారపడింది?
‘వేలం రోజు’ అంటే ఏ గడియారం ప్రకారం అన్నది కోడ్‌లో ఎక్కడా చెప్పలేదు. `::date` పదకొండు చోట్ల ఉంది, ఎవరికి తోచినట్టు వారు రాశారు.
*ఆధారం:* కోడ్‌లో వెతికితే వచ్చిన పదకొండు వరుసలు.

‘అ’ వైపు నాలుగులో ఆగింది, ‘ఆ’ వైపు మూడులో ఆగింది. ఐదు అన్న అంకె పట్టుకుని లాగాల్సిన పని లేదు.

తిరగేసి చదవండి. గొలుసు పూర్తయ్యాక కింది నుంచి పైకి ‘కాబట్టి’ పెట్టి చదవండి. “సెట్టింగ్ ఎక్కడా రాసి లేదు, కాబట్టి జాబితాలోకి రాలేదు, కాబట్టి కొత్త సర్వర్ యూటీసీలో ఉండిపోయింది, కాబట్టి నిన్నటి తేదీ పడింది, కాబట్టి చీటీలో రాలేదు.” ఎక్కడైనా నాలుక తడబడితే అక్కడ ఒక మెట్టు తప్పిపోయింది.

## 5. రెండో గొలుసు: ఎలా తప్పించుకుపోయింది

ఎందుకు 1: టెస్టుల్లో ఎందుకు దొరకలేదు?
టెస్ట్ రికార్డులన్నీ `now()`తో పుట్టాయి. టెస్టులు నడిచింది ఆఫీసు వేళల్లో. ఉదయం పదింటికి ఇక్కడా యూటీసీలోనూ తేదీ ఒక్కటే. కాబట్టి ఆ టెస్టులు ఎన్నిసార్లు నడిపినా ఈ బగ్‌ని చూడలేవు.
*ఆధారం:* టెస్ట్ డేటాబేస్‌లో ఉదయం 5:30కు ముందు సమయం ఉన్న రికార్డు ఒక్కటీ లేదు.

పైగా స్టేజింగ్ ఇంకా పాత సర్వర్ మీదే ఉంది. తెల్లవారుజామున లేచి టెస్ట్ చేసినా దొరికేది కాదు.

ఎందుకు 2: ప్రొడక్షన్‌లో నెలరోజులు నడిచినా ఎందుకు బయటపడలేదు?
ఇది విశాఖకే ప్రత్యేకమైన ముక్క. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్లకు వేట నిషేధం. హార్బర్ ఖాళీగా ఉంటుంది కదా, ఇబ్బంది ఉండదని మేం సర్వర్ మార్పుని కావాలనే మే నెలలో పెట్టుకున్నాం. ఆ నెలలో వేలాలు లేవు. ఎక్కినవల్లా గుమాస్తాలు పగలు పూట చేసిన ప్రయోగాలు.
*ఆధారం:* మే నెల రికార్డులన్నీ ఉదయం పది తర్వాతివే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆ నిర్ణయం తప్పు కాదు, వ్యాపారానికి అదే సరైన సమయం. మేం అడగనిది ఒక్కటే: ఈ నెలలో జరగనిది ఏంటి, దాన్ని మనం ఎలా జరిపించి చూస్తాం?

ఎందుకు 3: ఆ ప్రశ్న ఎందుకు రాలేదు?
తరలింపు జాబితాలో ‘రెండు వారాలు గమనించాలి’ అని ఉంది. ఆ రెండు వారాల్లో ఏ రకం రికార్డులు కంటబడాలో లేదు.
*ఆధారం:* జాబితాలోని ఆ వరుస.

ఎందుకు 4: బోట్లు వచ్చాక కూడా మూడు రోజులు మనకెందుకు తెలియలేదు?
మా అలారాలు సర్వర్ పడిపోతే మోగుతాయి, పేజీ ఆలస్యమైతే మోగుతాయి. చీటీల మొత్తం, వేలం మొత్తం ఒక్కటేనా అని చూసేది ఏదీ లేదు. ఆ లెక్క గుమాస్తా తన నోట్‌బుక్‌లో రోజూ వేస్తున్నాడు. మొదటి రోజు తేడా చూసి తన కూడికే తప్పనుకున్నాడట.
*ఆధారం:* అలారాల జాబితా, ఆ నోట్‌బుక్ పేజీ.

ఆ పేజీ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. బ్లూ పెన్నుతో వేసిన మొత్తం, దాని పక్కన చీటీల మొత్తం, మధ్యలో గుండ్రంగా చుట్టిన తేడా. మా దగ్గర లేని అలారం ఆయన చేతిలో ఉంది.

## 6. ఎక్కడ ఆపాలి

ఒక జవాబు దగ్గర ఆగవచ్చా అని తేల్చుకోవడానికి ఇవి చూడండి:

- [ ] దీన్ని మన టీమ్ మార్చగలదా?
- [ ] మారిస్తే ఈ బగ్‌తో పాటు ఇలాంటివి మరికొన్ని కూడా ఆగుతాయా?
- [ ] జవాబులో మనిషి కాక, ఒక పద్ధతి లేదా లేని పద్ధతి ఉందా?

“తరలించిన అతను చూసుకోలేదు” దగ్గర ఎప్పుడూ ఆగవద్దు. అతని స్థానంలో మరొకరు ఉంటే చూసుకునేవారా అని అడగండి. మా కేసులో జాబితాలో లేదు, కోడ్‌లో లేదు, స్టేజింగ్‌లో కనబడదు. ఎవరున్నా జరిగేదే.

మరీ లోతుకూ పోవద్దు. “కంపెనీ టెస్టింగ్‌కి డబ్బు పెట్టదు” దాకా వెళ్తే ఆ గదిలో ఎవరూ చేయగలిగింది ఉండదు. ఒక మెట్టు పైకి రండి.

## 7. గొలుసు కొసల నుంచి మార్పులు

ప్రతి కొసకు కనీసం ఒక మార్పు రాయండి. మార్పు పక్కన మూడు విషయాలు ఉండాలి: ఒకే ఒక్క బాధ్యుడు, తేదీ, పనిచేస్తుందని ఎలా రుజువు చేస్తామో. ‘జాగ్రత్త’, ‘అవగాహన’, ‘గుర్తుంచుకోవాలి’ అన్న మాటలున్న వరుసను కొట్టేయండి.

కొస 3ఆ: వేలం రోజు ఒకే చోట తేలాలి. బాధ్యత డెవలపర్‌ది, గడువు నాలుగు రోజులు.

```sql
CREATE FUNCTION business_date(ts timestamptz)
RETURNS date LANGUAGE sql IMMUTABLE AS
$$ SELECT (ts AT TIME ZONE 'Asia/Kolkata')::date $$;
```

పదకొండు చోట్లా దీన్నే వాడాలి. కొత్తగా ఎవరైనా ఇంకోచోట `::date` రాస్తే బిల్డ్ ఆగిపోవాలి. రుజువు: కావాలని ఒక వరుస రాసి, బిల్డ్ ఎర్రబడటం చూడటం.

రెండో గొలుసు, ఎందుకు 1: తెల్లవారుజాము టెస్ట్. బాధ్యత టెస్టర్‌ది, గడువు వారం. రికార్డుల సమయాలు 00:05, 05:10, 05:29, 05:31, 23:55 అని, ప్రతిదాని వెనకా `+05:30` పెట్టి రాసిపెట్టాలి, `now()` వాడకూడదు. టెస్టులన్నీ రెండు టైమ్‌జోన్లలో నడవాలి. మా టెస్టులు పైథాన్‌లో, `psycopg2`తో ఉన్నాయి కాబట్టి ఇది సరిపోయింది:

```bash
PGTZ=UTC pytest
PGTZ=Asia/Kolkata pytest
```

రుజువు: పాత కోడ్ మీద నడిపితే మొదటిది ఫెయిలవ్వాలి. బగ్ ఉన్న కోడ్ మీద ఫెయిలవ్వని టెస్ట్‌ని నమ్మకండి.

కొస 4అ: సెట్టింగులు రిపాజిటరీలోకి. బాధ్యత సర్వర్లు చూసేవారిది, గడువు రెండు వారాలు. స్టేజింగ్‌ని కూడా కొత్త రకం సర్వర్ మీదికి మార్చాలి. ప్రతి రిలీజ్ ముందు ఈ క్వెరీ ఫలితాన్ని రెండు చోట్లా తీసి పోల్చాలి:

```sql
SELECT name, setting FROM pg_settings
WHERE source <> 'default' ORDER BY name;
```

ఇందులో ఒక చిక్కుంది. ఫైళ్ల దారులు, పోర్టుల లాంటివి ఎలాగూ తేడాగానే వస్తాయి. ఉండవలసిన తేడాలను ఒక ఫైలులో రాసి, అందులో లేనిది వస్తేనే ఆపేలా పెట్టండి. లేకపోతే రెండు వారాల్లో ఎవరూ చూడటం మానేస్తారు.

రెండో గొలుసు, ఎందుకు 4: రోజూ 8:45కు మొత్తాలు సరిపోల్చాలి. బాధ్యత నాది, గడువు వారం. ఆ రోజు వేలం మొత్తం, చీటీల మొత్తం ఒక్కటి కాకపోతే చీటీలు బయటికి వెళ్లవు, ఫోన్ మోగుతుంది.

ఇక్కడే నేను మొదట తప్పు చేశాను. వేలం మొత్తాన్ని కూడా `business_date` వాడి తీశాను. అలా చేస్తే, ఆ ఫంక్షన్ తప్పినా రెండు మొత్తాలూ ఒకేలా తప్పి సరిపోతాయి. పోల్చే లెక్క వేరే దారిలో రావాలి. అందుకే దాన్ని `+05:30` పెట్టి రాసిన ఆ రోజు అర్ధరాత్రి నుంచి తీసేలా మార్చాను. రుజువు: స్టేజింగ్‌లో తెల్లవారుజాము రికార్డు ఒకటి ఎక్కించి, `business_date`లో టైమ్‌జోన్‌ని కావాలని `UTC`గా మార్చి, ఫోన్ మోగేదాకా కూర్చోవడం.

రెండో గొలుసు, ఎందుకు 3: నిషేధ కాలంలో చేసే మార్పులకు పాత సీజన్ రికార్డులు. బాధ్యత టీమ్ లీడ్‌ది, గడువు వచ్చే ఏప్రిల్ 15. నిరుడు వేట సీజన్‌లో ఒక వారం రికార్డులను అవే గంటలతో కొత్త సర్వర్‌లోకి ఎక్కించి, వచ్చిన చీటీలను నిరుటి చీటీలతో పోల్చాలి. తరలింపు జాబితాలో ‘రెండు వారాలు గమనించాలి’ స్థానంలో ఈ వరుస వచ్చింది.

## 8. తరచూ జరిగే తప్పులు

జవాబులు మాటల్లోనే తిరుగుతున్నాయి. ‘కమ్యూనికేషన్ లోపం’ అని వచ్చిందా? ఏ రోజు, ఎవరికి, ఏ విషయం చేరలేదని అడగండి. చెప్పలేకపోతే కొట్టేయండి.

గది వేడెక్కుతోంది. ‘నువ్వెందుకు చూడలేదు’ అన్నదాన్ని ‘చూడాలంటే అది ఎక్కడ కనబడాలి’గా మార్చి అడగండి. ఎదుటివాళ్ల గొంతు ఆ క్షణమే మారుతుంది.

మార్పులు పదిహేను అయ్యాయి. ఐదు దాటితే సగం జరగవు. బగ్ పుట్టకుండా ఆపేవి, బయటపడే సమయాన్ని తగ్గించేవి ముందు ఉంచండి. మిగతావి మామూలు పనుల జాబితాలో వేయండి.

ఆధారం కోసం మీటింగ్ ఆగిపోయింది. ఫరవాలేదు. ఆ గడిలో పేరు, గంట రాసి అక్కడే ఆపండి. మర్నాడు అరగంట కూర్చోండి. ఊహ మీద మరో మెట్టు దిగడం కంటే ఇదే మేలు.

## 9. ముప్పై రోజులకు మళ్లీ కూర్చోండి

క్యాలెండర్‌లో తేదీ మీటింగ్ రోజే వేసేయండి. పదిహేను నిమిషాలు చాలు. ఒక్కో మార్పుకీ రుజువు అడగండి. ‘అయిపోయింది’ అన్న మాట రుజువు కాదు.

- [ ] బిల్డ్ ఎర్రబడిన తెర చూశామా?
- [ ] పాత కోడ్ మీద కొత్త టెస్ట్ ఫెయిలైందా?
- [ ] అలారం ఒక్కసారైనా మోగిందా, మోగితే ఎవరు ఎత్తారు?
- [ ] గడువు దాటిన మార్పుకు కొత్త తేదీ, అదే బాధ్యుడు ఉన్నారా?

మాకు ముప్పై రోజులకు ఐదింట్లో మూడు పూర్తయ్యాయి. స్టేజింగ్ సర్వర్ మార్పు సగంలో ఉంది, దానికి పది రోజులు ఇచ్చాం. పాత సీజన్ రికార్డుల వరుస ఏప్రిల్ దాకా తెరిచే ఉంటుంది.

మొత్తాలు సరిపోల్చే అలారం ఐదో వారంలో మోగింది. 8:45కు నాకు ఫోన్. తేడా ఒకే ఒక్క బుట్ట. వేలంలో రద్దయిన అమ్మకాన్ని చీటీ ఇంకా లెక్కలో ఉంచుకుంది. ఇది వేరే బగ్. గుమాస్తాకు ఫోన్ చేస్తే ఆయన అప్పటికే నోట్‌బుక్‌లో దాన్ని గుండ్రంగా చుట్టి ఉన్నాడు. ఆ రోజు చీటీలు పది నిమిషాలు ఆలస్యంగా, సరైన మొత్తంతో వెళ్లాయి.